అరవై ఆరు మిల్లీవోల్టులు

సోమవారం పొద్దున చౌడేశ్వరి అప్పగింతల పుస్తకంలో ‘పాలిష్ చేయడమైనది, అరవై ఆరు మిల్లీవోల్టులు’ అని రాసి సంతకం పెట్టింది. పాలిష్ చేయలేదు, కొలవనూ లేదు. అయినా అది అబద్ధమని ఆమెకు ఒక్క క్షణం కూడా తోచలేదు. రెండున్నరేళ్లుగా ఆ ఎలక్ట్రోడు ఎప్పుడు కొలిచినా అరవై ఐదో, అరవై ఆరో, మహా అయితే అరవై ఎనిమిదో చూపించేది. సొంత ఫోను నంబరు రాయమంటే ఎవరైనా ఫోను తీసి చూసి రాస్తారా? ఆమెదీ అంతే. చెయ్యి పెన్ను పట్టుకుంది, పెన్ను అరవై ఆరు వేసింది, సంతకం దాని వెనకే నడిచి వచ్చింది.

తిరుపతిలో ఒక యూనివర్సిటీ. అందులో రసాయనశాస్త్ర విభాగం, రెండో అంతస్తు, మెట్ల పక్కన ఎలక్ట్రోకెమిస్ట్రీ ల్యాబు. చౌడేశ్వరి అక్కడ మూడో ఏడు పరిశోధక విద్యార్థి. ఊరు ఐరాల. నోరు పెద్దది, మనసు దానికంటే కొంచెం పెద్దది, గర్వం ఆ రెండింటినీ పక్కకు తోసి ముందు నిలబడేది. ఆ గర్వానికి కారణం కూడా ఉంది. ల్యాబులో ఉన్న ఒకే ఒక్క మంచి గ్లాసీ కార్బన్ ఎలక్ట్రోడును పాలిష్ పట్టే అధికారం ఆమెది. తెల్లటి ప్లాస్టిక్ కడ్డీ చివర మూడు మిల్లీమీటర్ల నల్లటి చుక్క, అద్దంలా మెరుస్తూ ఉంటుంది. వెనకటి సంవత్సరం ఎవరో కుర్రాడు దాని అన్నలాంటి పాత ఎలక్ట్రోడును గరుకు కాగితం మీద రుద్ది పాడుచేసిన దగ్గర్నుంచి, జూనియర్లు ఎవరూ పాలిష్ జోలికి పోకూడదని గైడు నియమం పెట్టారు. చౌడేశ్వరి పాలిష్ పట్టాలి, కొలవాలి, పుస్తకంలో రాయాలి, అప్పుడు జూనియరుకు ఇవ్వాలి.

సోమవారం ఆమె ఆ ఎలక్ట్రోడును ఇచ్చింది కృపామణికి.

కృపామణి పాకాల పిల్ల. రోజూ రైల్లో వచ్చి రైల్లో పోయేది. ఎమ్మెస్సీ అయిపోయింది. ల్యాబులో ప్రాజెక్టు ఫెలోగా ఒక చోటు ఖాళీగా ఉంటే, గైడు ప్రొఫెసరు మోహన్‌కృష్ణ ఆమెను నెల రోజులు చూస్తానన్నారు. ఆ నెల రోజుల చివరి పరీక్ష ఇదే. ఫెర్రిసయనైడ్ ద్రావణం సొంతంగా చేసి, నాలుగు స్కాన్ రేట్లలో కొలిచి, లెక్క తేల్చి చూపాలి. బుధవారం సాయంత్రం నాలుగింటికి ఆయన పేరు ఆఫీసుకు పంపుతారు. ఆ పేరు కృపామణిదైతే ఆమె ల్యాబులో ఉంటుంది. కాకపోతే చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పులుపూ తీపీ కొలిచే ఉద్యోగం కాచుకుని ఉంది. దానికి పోవడం ఆమెకు ఇష్టం లేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు గానీ, రోజూ అందరికంటే ముందు వచ్చి తాళం తీసే మనిషి ముఖం చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది.

ఇంతకీ కొలిచేది ఏమిటంటే, ఫెర్రిసయనైడ్ అనే ఎర్రటి పలుకుల్ని నీళ్లలో కరిగిస్తే లేత పసుపు ద్రావణం వస్తుంది. అందులో పొటాషియం క్లోరైడ్ ఉప్పు కలిపి, ఎలక్ట్రోడ్లు ముంచి, వోల్టేజీని ఒక చివరి నుంచి ఇంకో చివరికి నడిపించి మళ్లీ వెనక్కి తెస్తారు. పోయేటప్పుడు ద్రావణంలోని ఇనుము ఒక ఎలక్ట్రాను పుచ్చుకుంటుంది, తిరిగి వచ్చేటప్పుడు ఇచ్చేస్తుంది. పుచ్చుకున్న చోట కంప్యూటరు తెర మీద కరెంటు ఒక గుట్టలా లేస్తుంది. ఇచ్చిన చోట తలకిందులుగా ఇంకో గుట్ట. ఆ రెండు కొనల మధ్య దూరం కోసమే ఈ తంటా అంతా. ఎలక్ట్రోడు ముఖం చురుగ్గా ఉంటే ఆ దూరం యాభై తొమ్మిది మిల్లీవోల్టులు ఉండాలని సిద్ధాంతం. ల్యాబుల్లో అరవై, డెబ్బై వచ్చినా సంతోషిస్తారు. అన్నిటికంటే ముఖ్యం, వోల్టేజీని మెల్లగా నడిపినా వేగంగా నడిపినా ఆ దూరం పెద్దగా మారకూడదు.

మోహన్‌కృష్ణ సారు దీన్ని పిల్లలకు బస్సు కండక్టరుతో చెప్పేవారు. పాకాల నుంచి తిరుపతికి బస్సు. చంద్రగిరిలో ఒకడు ఎక్కినాడు. కండక్టరు చురుకైనవాడైతే అక్కడికక్కడే టికెట్టు కొడతాడు. మందకొడివాడైతే బస్సు తిరుపతి వైపు రెండు మైళ్లు పోయాక కొడతాడు. తిరుగు ప్రయాణంలోనూ అంతే, ఈసారి పాకాల వైపు రెండు మైళ్లు పోయాక. అంటే టికెట్టు చేతికొచ్చిన రెండు చోట్ల మధ్య దూరం పెరిగిపోయింది. డ్రైవరు ఇంకా వేగంగా తోలితే ఇంకా పెరుగుతుంది. బస్సు వేగమే స్కాన్ రేటు, కండక్టరే ఎలక్ట్రోడు ముఖం. ఈ ముక్క విన్న పిల్లలు పరీక్షలో బస్సు బొమ్మ వేసి వచ్చిన సందర్భాలు కూడా ఉన్నాయి.

మంగళవారం కృపామణి కొలిచింది. సెకనుకు పది మిల్లీవోల్టుల వేగంలో గుట్టల మధ్య దూరం నూట ఇరవై ఒకటి. యాభై వేగంలో నూట డెబ్బై ఐదు. నూరు వేగంలో రెండు వందల నాలుగు. రెండు వందల వేగంలో రెండు వందల ముప్పై ఐదు. మూడుసార్లు కొలిచింది, మూడుసార్లూ అవే వచ్చాయి. అన్నీ తన నోటుబుక్కులో వరసగా రాసుకుని, బుధవారం పొద్దున తీసుకుపోయి సారు బల్ల మీద పెట్టింది.

మోహన్‌కృష్ణ సారు కోప్పడే మనిషి కాదు. ఆయన కోపం వస్తే గొంతు తగ్గించి పుస్తకాలు తిరగేస్తారు, అది ఇంకా ఇబ్బంది. అప్పగింతల పుస్తకం తెప్పించుకుని ఒక వేలు సోమవారం మీద పెట్టారు. ఇంకో వేలు కృపామణి నోటుబుక్కులో మంగళవారం మీద పెట్టారు.

“సోమవారం అరవై ఆరు. మంగళవారం రెండు వందల నాలుగు. నడాన ఎవరి చేయి పడిందమ్మా?”

పడిన చేయి ఒక్కటే. కృపామణి తల దించుకుంది. సారు చౌడేశ్వరిని పిలిచి, ఈ పాప యాడ తప్పు చేసిందో నాలుగింటిలోపల కనుక్కుని చెప్పమన్నారు.

చౌడేశ్వరికి అలాంటి పని పెడితే పండగే. ముందుగా చిన్న ఉపన్యాసం ఇచ్చింది. రెండు వందల నాలుగు లాంటి చెడ్డ నంబరు వస్తే రాసేదానికి ముందు తనను అడగొచ్చు గదా, అలాంటి నంబరు ఎవరైనా సారు బల్ల మీద పెడతారా అని అడిగింది.

“వచ్చింది గదక్కా. అందుకే రాసినాను,” అంది కృపామణి.

ఈ పిల్ల బాగుపడదు అనుకుంది చౌడేశ్వరి మనసులో. తర్వాత వరసగా పరిశీలన మొదలుపెట్టింది. తూకంలో తప్పు ఉందేమోనని మొదట గుట్టల ఎత్తు చూసింది. యాభై వేగం నుంచి రెండు వందల వేగానికి పోతే వేగం నాలుగింతలు అవుతుంది, గుట్ట ఎత్తు సుమారు రెండింతలు కావాలి. అయింది. ద్రావణంలో ఎంత ఫెర్రిసయనైడ్ ఉండాలో ఆ లెక్కకూ ఎత్తు దాదాపుగా సరిపోయింది. తూకం సరిగ్గానే ఉందని ఒప్పుకోక తప్పలేదు. కొంచెం నిరుత్సాహపడింది కూడా.

అయితే ఉప్పు. ఉప్పు తక్కువైతే ద్రావణమే కరెంటుకు అడ్డం పడుతుంది. అప్పుడు కూడా గుట్టలు దూరం జరుగుతాయి, వేగం పెంచితే కరెంటు పెరిగి ఇంకా జరుగుతాయి. పైకి చూస్తే మందకొడి ముఖానికీ, ఉప్పులేని ద్రావణానికీ తేడా కనబడదు. దాన్ని విడదీసే ఉపాయం చౌడేశ్వరికి తెలుసు, చెప్పేటప్పుడు ఆమె గొంతులో ఆ ముచ్చట వినబడింది కూడా. అంతే ఉప్పుతో, ఫెర్రిసయనైడ్ మాత్రం సగం వేసి ఇంకో ద్రావణం చేయాలి. తప్పు ఉప్పుదైతే, కరెంటు సగం అవుతుంది కాబట్టి అదనంగా జరిగిన దూరం కూడా సగానికి వచ్చేస్తుంది. ముఖానిదైతే మాత్రం ఎంత పలచన చేసినా దూరం కదలదు.

“సూడు పాపా, ఇప్పుడు తగ్గుతుంది,” అంది, సగం ద్రావణంలో ఎలక్ట్రోడ్లు ముంచుతూ.

నూరు వేగంలో నడిపింది. తెర మీద గీత కుడి నుంచి ఎడమకు పోయి, ఎడమ నుంచి కుడికి వచ్చింది. గుట్టలు సగం ఎత్తుకు దిగాయి. దూరం రెండు వందల మూడు.

చౌడేశ్వరి మళ్లీ నడిపింది. రెండు వందల నాలుగు.

ద్రావణంలో దోషం లేదు. దోషం ఎలక్ట్రోడు ముఖంలోనే ఉంది. ఆ ముఖాన్ని కృపామణి తాకలేదు, తాకడానికి నియమం ఒప్పుకోదు. వేలు ఏమైనా తగిలించావా అని గట్టిగా అడిగితే, మూత తీసి, కడ్డీ పట్టుకుని, ముంచి, కడిగి, మూత పెట్టాను అంతే అంది. అబద్ధం చెప్పే ముఖం కాదు అది. చౌడేశ్వరి ఎలక్ట్రోడును బయటికి తీసి, కిటికీ దగ్గర వెలుతురుకు పట్టింది. నల్లటి అద్దం మీద ఊపిరి తగిలినట్టు సన్నటి మసక కనబడింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఎందుకు పెట్టుకుందో ఆమెకే తెలియదు, ఎలక్ట్రోడును వాసన చూడమని ఏ పుస్తకంలోనూ లేదు. గంధం వాసన వచ్చింది.

అప్పుడు ఆమె స్టూలు మీద కూలబడింది.

పోయిన వారం ఆయుధపూజ. ల్యాబంతా కడిగి, వోల్టేజీని నడిపే పొటెన్షియోస్టాటుకు పూలు పెట్టి, తూకం మిషనుకు దండ వేసి, అన్నిటికీ గంధం, కుంకుమ పెట్టారు. పెట్టింది చౌడేశ్వరే. కంప్యూటరుకు పెట్టింది, పొగలు లాగే ఫ్యూమ్ హుడ్డుకు పెట్టింది, నీళ్లు వడగట్టే మిషనుకు కూడా పెట్టింది. చివరికి ఎలక్ట్రోడు డబ్బా తెరిచింది. మిగతా వాటికంతా పక్కనో మూతమీదో పెట్టి, తనకు అన్నం పెట్టే ఆ నల్లటి చుక్కకు మాత్రం కడ్డీ మీద పెడితే ఏం బాగుంటుందనుకుంది. నున్నగా, గుండ్రంగా, బొట్టుకనే కొలిచి చేసినట్టు ఉంది ఆ ముఖం. ఉంగరం వేలితో ఇంత గంధం, దాని నడుమ సూది మొనంత కుంకుమ. చాలా ముద్దొచ్చింది. ఫోటో కూడా తీసింది. పూజ అయ్యాక కొంచెం స్పిరిటు అద్దిన టిష్యూతో తుడిచి డబ్బాలో పెట్టి, సెలవులకు ఐరాల బస్సెక్కింది. గంధంలో నూనె ఉంటుందని, ఆ నూనె కార్బన్ ముఖాన్ని పట్టుకుంటే తుడుపుతో పోదని ఎమ్మెస్సీ మొదటి ఏడు పిల్లలకు ఆమే పాఠం చెప్పగలదు. సోమవారం పాలిష్ పట్టి ఉంటే ఐదు నిమిషాల్లో పోయేది. కొలిచి ఉంటే పది నిమిషాల్లో తెలిసేది. ఆమె రెండూ చేయకుండా రెండూ రాసింది.

గడియారం మూడు చూపిస్తోంది. కృపామణి అవతల మూల నిలబడి తన తెల్లకోటును మడతలు పెడుతోంది, ఇచ్చేసి పోవడానికే అన్నట్టు.

“నా చేతిలోనే ఏదో ఉండాదేమో అక్కా,” అంది, నవ్వడానికి ప్రయత్నిస్తూ. “మా ఇంట్లో కూడా నేను తోడు పెడితే పాలు తోడుకోవు.”

చౌడేశ్వరికి ఆ మాట సరిగ్గా గుండెలో తగిలింది. ఇప్పుడు ఆమె ముందు సులువైన దారి ఒకటి ఉంది. తెల్లటి అల్యూమినా పొడిని నీళ్లతో తడిపి, మెత్తటి గుడ్డ మీద ఎనిమిది అంకె తిప్పుతూ మూడు నిమిషాలు రుద్దితే చాలు. మసక పోతుంది, దూరం అరవై ఆరుకు దిగుతుంది. పాప పొరపాటున వేలు తగిలించింది సార్, నేను సరిచేసినాను అని చెబితే ల్యాబులో తన పేరు ఇంకో మెట్టు ఎక్కుతుంది. పాప గుజ్జు ఫ్యాక్టరీకి పోతుంది. అక్కడ జీతం కూడా ఏమంత తక్కువ కాదు. చౌడేశ్వరి అల్యూమినా డబ్బా మూత కూడా తీసింది. మూత తీసి, చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుని, మళ్లీ మూత పెట్టింది. తన మీద తనకే అసహ్యం వేసింది. ఎలక్ట్రోడును అలాగే మసకతో డబ్బాలో పెట్టి, కృపామణిని వెంట రమ్మని, సారు గదికి నడిచింది.

సారు ఆఫీసు కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నారు. చౌడేశ్వరి కూర్చోలేదు.

“సోమవారం నేను కొలవలేదు సార్,” అంది. “పాలిష్ కూడా పట్టలేదు. ఊరికే రాసేసినాను. ఆయుధపూజకు దాని ముఖాన గంధం పెట్టినాను, అది పోలేదు. కృపామణిది ఏం తప్పు లేదు సార్. ఆ పాప కొలిచింది అంతా నిజమే.”

కృపామణి నోరు తెరుచుకుని చౌడేశ్వరి వైపు చూసింది. సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు, తుడుచుకోవలసిన దుమ్ము వాటిమీద ఏమీ లేదు.

“కుంకుమ కూడా పెట్టినావా?”

“పెట్టినాను సార్.”

“బాగుండిందా?”

“బాగుండింది సార్,” అంది చౌడేశ్వరి, ఏడుపు ఆపుకుంటూ.

సారు పెదవుల చివర ఏదో కదిలింది గానీ, పూర్తిగా నవ్వు కాకముందే ఆగిపోయింది. లేచి ల్యాబుకు నడిచారు. అక్కడ కృపామణి చేతికే అల్యూమినా ఇచ్చి రుద్దమన్నారు. నియమం మాటేమిటని ఎవరూ అడగలేదు. పిల్ల భయంభయంగా ఎనిమిది అంకెలు తిప్పింది. కడిగింది. మొదటి ద్రావణంలో, తాను చేసిన ద్రావణంలోనే, ముంచింది. పది వేగంలో అరవై ఆరు. నూరు వేగంలో అరవై ఏడు. రెండు వందల వేగంలో అరవై తొమ్మిది. వేగం ఎంత పెంచినా గుట్టలు చోటు వదల్లేదు. కృపామణి ముఖం వెలిగిపోయింది.

సారు మాత్రం ఆ తెర వైపు చూడటం లేదు. అప్పగింతల పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి తిరగేస్తున్నారు. అరవై ఆరు, అరవై ఆరు, అరవై ఐదు, అరవై ఆరు.

“ఈటిలో కొలిచినవి ఎన్నమ్మా?” అని అడిగారు.

చౌడేశ్వరి ఒకటో రెండో తప్పి ఉంటాయని చెప్పబోయింది. చెప్పలేకపోయింది. కంప్యూటరులో ప్రతి కొలతకూ తేదీతో ఒక ఫైలు ఉంటుంది కాబట్టి చూసి చెప్తానంది. ముగ్గురూ కూర్చుని చూశారు. పుస్తకంలో నూట పన్నెండు సంతకాలు, కంప్యూటరులో వాటికి తొంభై నాలుగు ఫైళ్లు. పద్దెనిమిది సార్లు పెన్ను తనంతట తానే రాసుకుపోయింది. అన్ని అబద్ధాలు తనలో ఉన్నాయని చౌడేశ్వరికే తెలియదు. ఆమె థీసిస్ కొలతలన్నిటికీ ఫైళ్లు ఉన్నాయి, దానికి ముప్పు లేదు. అయినా సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

“ప్రతి పేజీ కింద నా సంతకం కూడా ఉండాది,” అన్నారు సారు. “నేను మాత్రం చూసి పెట్టినానా? అరవై ఆరు చూస్తే నాకూ హాయిగా ఉండె.”

తర్వాత ఆయన కృపామణి నోటుబుక్కు తీసుకుని, ఆ మంగళవారం పేజీని కాసేపు చదివారు. నూట ఇరవై ఒకటి, నూట డెబ్బై ఐదు, రెండు వందల నాలుగు. మూడేసి సార్లు. పుస్తకంలో సీనియరు రాసిన అరవై ఆరు కళ్లెదుట ఉండగా, ఉద్యోగం చేజారుతుందని తెలిసి కూడా రాసిన అంకెలు. ఆఫీసు కాగితంలో కృపామణి పేరు నింపి, నాలుగుకు ఇంకా రెండు నిమిషాలు ఉండగా పంపించేశారు. చౌడేశ్వరికి శిక్ష ఏమీ లేదు, ఒక్క మార్పు తప్ప. రేపటి నుంచి ఎలక్ట్రోడు పాలిష్ పట్టేది, కొలిచేది, అప్పగించేది కృపామణి. చౌడేశ్వరి పుచ్చుకుని, తానూ ఒకసారి కొలిచి, కింద రాసుకోవాలి.

మరుసటి పొద్దున కృపామణి ఎలక్ట్రోడు డబ్బానూ పుస్తకాన్నీ తెచ్చి ముందు పెట్టింది. డెబ్బై ఒకటి అని రాసి ఉంది. చౌడేశ్వరికి ఒళ్లు మండింది. డెబ్బై ఒకటి ఏమిటి, తన చేతుల్లో అది ఎప్పుడైనా డెబ్బై దాటిందా, ఇంకో రెండు నిమిషాలు రుద్దితే ఏం పోయేది అని నోటిదాకా వచ్చింది. మింగేసింది. ద్రావణంలో ముంచి, నూరు వేగం పెట్టి, బటను నొక్కింది.

గీత బయలుదేరింది. మొదటి గుట్ట ఎక్కి దిగి, అవతలి చివర వెనక్కి తిరిగింది. రెండో గుట్ట ఇంకా రాలేదు. ఎంత వస్తుందో చౌడేశ్వరికి తెలియదు. ల్యాబులో చేరిన మొదటి నెలలో ఇలాగే తెర ముందు ఊపిరి బిగబట్టి కూర్చునేది, ఆ తర్వాత ఎప్పుడో మానేసింది. ఇప్పుడు భయంగానూ ఉంది, చెప్పలేనంత సంతోషంగానూ ఉంది. కృపామణి కూడా పక్కన వంగి చూస్తోంది.

డెబ్బై రెండు వచ్చింది. చౌడేశ్వరి పెన్ను తీసి, డెబ్బై రెండు అని రాసింది.